పాల కాఫీని తిరగబోయడం: స్టీలు గ్లాసు, డబరాతో నురగ కాఫీ చేసే పద్ధతి

ఫిల్టరు కాఫీ సరిగా కుదరనప్పుడు మనం ముందు పొడిని తప్పుపడతాం, ఆ తరువాత పాలను తప్పుపడతాం. చాలాసార్లు ఆ రెండూ బాగానే ఉంటాయి. లోపం చివరి అర నిమిషంలో, అంటే గ్లాసులో కలిపిన కాఫీని డబరాలోకీ, డబరాలోంచి మళ్లీ గ్లాసులోకీ తిరగబోసే చోట ఉంటుంది. కొందరు అసలు తిరగబోయకుండా చెంచాతో కలిపి ఇచ్చేస్తారు. మరికొందరు పది పన్నెండు సార్లు ఎత్తి పోసి, నురగ బాగా వచ్చిందని సంతోషించేలోగా కాఫీని గోరువెచ్చగా మార్చేస్తారు. ఇద్దరు మనుషులకు రెండు గ్లాసుల కాఫీ ఎలా చేయాలో, అందులో తిరగబోయడం ఏ పని చేస్తుందో, ఏ పని చేయలేదో ఇక్కడ వివరంగా చెబుతాను.

ముందుగా పాత్రల సంగతి. గ్లాసు అంటే పై అంచు బయటికి వంగి ఉన్న స్టీలు గ్లాసు. నిండుగా పోస్తే 200 మిల్లీలీటర్లు పట్టేది తీసుకుని, అందులో 150 మిల్లీలీటర్ల కాఫీ మాత్రమే పోయాలి. మిగిలిన ఖాళీ నురగ కోసం, వేలు కాలకుండా అంచు పట్టుకోవడం కోసం. వేడి ద్రవం అంచుదాకా చేరదు కాబట్టి ఆ వంగిన అంచు అడుగుకన్నా చల్లగా ఉంటుంది. డబరా వెడల్పుగా, లోతు తక్కువగా ఉండి, గ్లాసులోని కాఫీ మొత్తం పట్టినా ఇంకా రెండు వేళ్ల ఖాళీ మిగిలేంత పెద్దదై ఉండాలి. కూరలు వండుకునే పెద్ద డబరా గిన్నెతో దీనికి పేరు ఒకటే అయినా, ఇది అరచేతిలో ఇమిడేది. డబరా మరీ చిన్నదైతే రెండో పోతకే కాఫీ బల్ల మీద పడుతుంది.

ఇక డికాషన్. ఇద్దరికి నాలుగు చెంచాల పొడి కావాలి. చెంచాలన్నీ ఒకే పరిమాణంలో ఉండవు కాబట్టి తూకంలో చెబితే సుమారు 25 గ్రాములు. ఫిల్టరు పై గిన్నెలో పొడి వేసి, గిన్నెను ఒకసారి మెల్లగా తట్టి పొడిని సమంగా పరచి, కాడ ఉన్న చిల్లుల బిళ్లను దాని మీద ఉంచి తేలికగా అదమాలి. నీళ్లు తెర్లిన తరువాత పొయ్యి ఆపి, పావు నిమిషం ఆగి, 120 మిల్లీలీటర్లు ఆ బిళ్ల మీదుగా చుట్టూ పోసి మూత పెట్టాలి. పొడి తన బరువుకు దాదాపు రెట్టింపు నీటిని తనలోనే ఉంచేసుకుంటుంది. అందుకే 120 పోస్తే కింద 70 మాత్రమే దిగుతుంది, తక్కువ వచ్చిందని మళ్లీ నీళ్లు పోయకండి. రెండోసారి పోసి దించిన డికాషన్‌లో రుచి కన్నా చేదు ఎక్కువ ఉంటుంది.

డికాషన్ పూర్తిగా దిగడానికి పదిహేను నుంచి ఇరవై నిమిషాలు పట్టాలి. ఐదు నిమిషాలలోపే దిగిపోతే పొడి గరుకుగా ఉందని, లేదా మీరు సరిగా అదమలేదని అర్థం. అలాంటి డికాషన్ పలచగా ఉండి పాలల్లో కనబడకుండా పోతుంది. అరగంట దాటినా చుక్క దిగకపోతే పొడి మరీ మెత్తగా ఉండవచ్చు, చికోరి ఎక్కువ ఉండవచ్చు, లేదా బిళ్లను గట్టిగా నొక్కి ఉండవచ్చు. అప్పుడు ఫిల్టరును బల్ల మీద కొట్టడం కన్నా, పై గిన్నెను ఒక అర అంగుళం లేపి మళ్లీ కూర్చోబెట్టి చూడండి. కింది గిన్నెలో చిక్కుకున్న గాలి బయటికి పోయి, చాలాసార్లు చుక్కలు మొదలవుతాయి. తరచూ ఇలా అవుతుంటే చిల్లులు పూడుకున్నాయన్నమాట. ఖాళీ గిన్నెను గుడ్డతో పట్టుకుని గ్యాసు మంట మీద కాసేపు కాల్చి, చల్లారాక దులిపి తోమితే చిల్లులు తెరుచుకుంటాయి.

పొడి గురించి ఒకటి రెండు మాటలు చాలు. చికోరి కలిపిన పొడి అయితే ప్యాకెట్ మీద కాఫీ ఎంత, చికోరి ఎంత అన్నది రాసి ఉంటుంది. చట్టం ప్రకారం కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. చికోరి కాఫీకి చిక్కదనం, ముదురు రంగు ఇస్తుంది, కాబట్టి పాల కాఫీకి కొంత చికోరి ఉండటంలో తప్పు లేదు. నేను మాత్రం ఐదింట ఒక వంతుకు మించనివ్వను. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా వంటి గింజలు తెచ్చుకున్నవారు అందులో చికోరి కలిపి ఆ సున్నితమైన వాసనను కప్పేయకుండా, పొడిని ఇంకొంచెం ఎక్కువ వేసి చిక్కగా దించుకోవడం మేలు.

పాలు కాఫీకి సగం బలం. ప్యాకెట్ పాలల్లో టోన్డ్ అంటే వెన్న 3 శాతం, స్టాండర్డైజ్డ్ అంటే 4.5 శాతం, ఫుల్ క్రీమ్ అంటే 6 శాతం. ఈ మూడింటిలో నా ఓటు మధ్యదానికి. ఫుల్ క్రీమ్ పాలతో నోటికి నిండుగా ఉంటుంది, కానీ డికాషన్ ఇంకా గట్టిగా ఉంటే తప్ప కాఫీ రుచి వెనక్కి పోతుంది. గేదె పాలు వాడేవారికి కూడా ఇదే మాట వర్తిస్తుంది. పాలు ఒక్క పొంగు రాగానే పొయ్యి ఆపాలి. మరిగిన కొద్దీ పాలకు కోవా వాసన వస్తుంది, అది కాఫీ వాసనను తొక్కేస్తుంది. పొద్దున్న కాచిన పాలను మళ్లీ మళ్లీ వేడి చేసి సాయంత్రం కాఫీ కలిపితే రుచి మందగించడానికి ఇదే కారణం.

ఇక్కడ ఒక చిన్న పని చాలామంది వదిలేస్తారు. కాచిన పాలు రెండు మూడు నిమిషాలు కదలకుండా ఉంటే పైన మీగడ తరక కడుతుంది. ఉపరితలంలో నీరు ఆవిరైపోగా, పాలలోని మాంసకృత్తులు కొవ్వుతో కలిసి పొరలా అల్లుకుంటాయి, అదే ఆ తరక. దానితో సహా పాలు పోసి తిరగబోస్తే తరక కరగదు, చిన్న చిన్న ముక్కలుగా చిరిగి నాలుకకు అంటుకుంటుంది. నురగ ఎంత బాగా వచ్చినా ఆ ముక్కలు తగిలితే కాఫీ మెత్తగా అనిపించదు. కాబట్టి పాలను చిన్న జల్లెడలో వడగట్టి పోయండి, లేదా పొంగు వచ్చిన వెంటనే తరక కట్టకముందే కలపండి.

కలిపే వరస ఇది. గ్లాసులో ముందు చక్కెర వేయాలి, చదునుగా ఒకటిన్నర చెంచా. దాని మీద 35 మిల్లీలీటర్ల డికాషన్ పోసి ఒక్కసారి కదపాలి. తరువాత 115 మిల్లీలీటర్ల వేడి పాలను జానెడు ఎత్తు నుంచి ధారగా పోయాలి. డికాషన్‌ను విడిగా పొయ్యి మీద వేడి చేయకండి. వాసన ముందు ఎగిరిపోయి చేదు మిగులుతుంది. చల్లారిపోయి ఉంటే దాని గిన్నెను వేడి నీళ్లలో నిలబెట్టండి, చాలు. పాలు వేడిగా ఉండటం కాఫీకి ఎంత అవసరమో, డికాషన్ గది వేడికి కాస్త పైన ఉన్నా నష్టం లేకపోవడం కూడా అంతే నిజం.

ఇప్పుడు అసలు పని. గ్లాసును కుడిచేత్తో అంచు దగ్గర, డబరాను ఎడమచేత్తో అంచు దగ్గర పట్టుకోండి. మొదటి పోత చాలా తక్కువ ఎత్తు నుంచి, నాలుగు వేళ్ల ఎత్తు నుంచి మొదలుపెట్టాలి. ధార పడుతున్నప్పుడే గ్లాసును మెల్లగా పైకి, డబరాను మెల్లగా కిందికి జరుపుతూ జానెడు దాకా, చేయి అలవాటయ్యాక మూరెడు దాకా తీసుకెళ్లి, చివర్లో మళ్లీ దగ్గరికి తేవాలి. ధార తెగకుండా ఉండాలంటే చూపు గ్లాసు మీద కాక, ధార పడే చోట ఉండాలి. మా పెద్దమ్మ నాకు నేర్పినప్పుడు మొదట చల్లటి నీళ్లతో, సింకు మీద, పది రోజులు చేయించింది. నాకు అప్పుడు విసుగనిపించింది కానీ, వేడి పాలతో చేతిని కాల్చుకోకుండా నేర్చుకోవడానికి అంతకన్నా మంచి దారి నాకు ఇప్పటికీ తోచదు.

డబరాలోంచి గ్లాసులోకి తిరిగి పోయడం దీనికన్నా కష్టం, ఎందుకంటే వెడల్పైన అంచు మీద కాఫీ ఒక చోటి నుంచి కాక నాలుగు వేళ్ల వెడల్పున జారుతుంది. డబరాను ఒక్కసారిగా వంచాలి. భయపడి నెమ్మదిగా వంచినప్పుడే కాఫీ అంచు వెంట కిందికి కారి బల్ల మీద పడుతుంది. మొదట్లో ఈ వెనక్కి పోతను తక్కువ ఎత్తులోనే ఉంచి, ఎత్తంతా గ్లాసు నుంచి డబరాలోకి పోసేటప్పుడు చూపించండి. అటొకటి ఇటొకటి కలిపితే ఒక జత. రెండు జతలు, మహా అయితే మూడు జతలు సరిపోతాయి.

ఎప్పుడు ఆపాలో చెవి చెబుతుంది. మొదటి పోతలో ధార స్టీలుకూ ద్రవానికీ తగిలి గలగలమని గట్టిగా వినిపిస్తుంది. నురగ పేరుకున్న కొద్దీ ధార నురగ మెత్త మీద పడుతుంది కాబట్టి ఆ చప్పుడు మందగిస్తూ పోయి, గుసగుస లాంటి శబ్దం మిగులుతుంది. అక్కడ ఆపండి. చివరి పోతను మాత్రం తక్కువ ఎత్తు నుంచి, డబరా అంచును గ్లాసు అంచుకు దాదాపు ఆనించి పోయాలి. చివరలో కూడా ఎత్తు నుంచి పోస్తే పెద్ద పెద్ద బుడగలు ఏర్పడి, గ్లాసు అందుకునేలోపే చిట్లిపోతాయి. తక్కువ నుంచి పోస్తే అప్పటికే ఏర్పడిన సన్న బుడగలు అలాగే పైకి తేలి నిలుస్తాయి.

అంత తక్కువ సమయంలో కాఫీ అంతగా ఎలా చల్లబడుతుందో ఒక లెక్క వేసి చూద్దాం. 92 డిగ్రీల పాలు 115 మిల్లీలీటర్లు, 50 డిగ్రీల డికాషన్ 35 మిల్లీలీటర్లు కలిస్తే 150 మిల్లీలీటర్ల కాఫీ సుమారు 82 డిగ్రీల దగ్గర ఉంటుంది. చల్లటి స్టీలు గ్లాసు దానిలోంచి ఒక మూడు డిగ్రీలు లాగేసుకుంటుంది. డబరా ఇంకో మూడు డిగ్రీలు తీసుకుంటుంది. ఇంతవరకు కాఫీ 76 దగ్గర ఉంది, హాయిగా తాగడానికి 63 దాకా దిగాలి. అంటే ఇంకా 13 డిగ్రీలు. ఆ పని ప్రధానంగా ఆవిరి చేస్తుంది. ఒక గ్రాము నీరు ఆవిరై వెళుతూ 150 మిల్లీలీటర్ల కాఫీని మూడున్నర డిగ్రీలకు పైగా చల్లబరచగలదు. కాబట్టి నాలుగు గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచాడు కూడా కాని నీరు ఆవిరైతే చాలు. గ్లాసులో కదలకుండా ఉన్న కాఫీకి గాలి తగిలేది పైన ఒక చిన్న వలయం మేరకే. ధారగా సాగినప్పుడు, డబరాలో పలచగా పరుచుకున్నప్పుడు అదే కాఫీకి అనేక రెట్లు ఎక్కువ గాలి తగులుతుంది. అందుకే పది నిమిషాల పని అర నిమిషంలో అయిపోతుంది. అందుకే అతిగా తిరగబోస్తే కాఫీ అంత త్వరగా చచ్చిపోతుంది కూడా.

63 డిగ్రీలు అన్న అంకె ఊరికే ఎంచుకున్నది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లో, 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు కారణం అయ్యే అవకాశం ఉన్నవిగా వర్గీకరించింది. ఆ తీర్పు కాఫీ మీద కాదు, వేడి మీద. పొయ్యి దగ్గర నిలబడి పొగలు కక్కే కాఫీని గుటక వేసే అలవాటున్న పెద్దవాళ్లు ఇళ్లలో ఉంటే, వారికి గ్లాసును డబరాలో పెట్టి ఇవ్వడం కన్నా తిరగబోసి ఇవ్వడం నయం.

ఇక నురగ కాఫీ మెత్తగా ఎందుకు తగులుతుంది అన్న ప్రశ్న. దీనికి ఒక్క కారణం లేదు. కొన్ని కారణాలను తిరగబోతకు అంటగట్టడం తప్పు. మొదటిది వేడి. 80 డిగ్రీల కాఫీ నాలుకను కాల్చడం వల్ల మనం దాని రుచిని కాక మంటను గుర్తిస్తాం. కాస్త దిగాక తీపి, పాల కమ్మదనం ముందుకు వస్తాయి. రెండోది పాలు చేసే పని. డికాషన్‌లో నాలుకను పిండినట్లు అనిపించే వగరు పదార్థాలకు పాలలోని కేసీన్ అనే మాంసకృత్తి అంటుకుని వాటి పదును తగ్గిస్తుంది. ఇది తిరగబోయకపోయినా జరుగుతుంది, కాకపోతే పాలు, డికాషన్ అడుగు నుంచి పైదాకా ఒకేలా కలిసి ఉండాలి. తిరగబోయడం వల్ల అడుగున చక్కెర, పైన చేదు అనే తేడా మిగలదు. మూడోది నురగ. ధార పడినప్పుడు తనతోపాటు గాలిని లాక్కుని వెళ్లి ద్రవంలో బుడగలుగా నాటుతుంది. ఒట్టి నీళ్లలో అయితే అవి వెంటనే చిట్లిపోతాయి. పాలలోని మాంసకృత్తులు బుడగ గోడ చుట్టూ చేరి పొరగా నిలబడతాయి కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాయి. పెదవికి ముందు తగిలేది ఆ తేలికపాటి పొర, దాని వెంట కాఫీ సన్నగా వస్తుంది. చేదు ఒక్కసారిగా నాలుక మీద పడకుండా ఆలస్యంగా, కొద్దికొద్దిగా వస్తుంది.

పాలు చల్లగా ఉంటే నురగ ఎందుకు సరిగా నిలవదో కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలను డికాషన్‌తో కలిపి గోరువెచ్చగా చేసినప్పుడు వెన్న పూర్తిగా కరగక సగం గట్టిగా ఉంటుంది, ఆ రేణువులు బుడగ గోడలను పొడిచి చిట్లిస్తాయి. పాలు బాగా వేడిగా ఉన్నప్పుడు వెన్న కరిగి ఉంటుంది, బుడగకు అంత హాని చేయదు. నురగ రాలేదని ఎవరైనా అన్నప్పుడు ఎత్తు పెంచమని చెప్పకండి, పాలు ఎంత వేడిగా ఉన్నాయో అడగండి.

ఈ మూడు కారణాల్లో ఏది ఎంతో తెలుసుకోవాలంటే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒకే గిన్నెలో 300 మిల్లీలీటర్ల కాఫీ కలిపి రెండు గ్లాసుల్లో సగం సగం పోయండి. మొదటిదాన్ని చెంచాతో మాత్రమే కలిపి, డబరాలో చల్లటి నీళ్లు పోసి అందులో గ్లాసు నిలబెట్టి చల్లార్చండి. రెండోదాన్ని రెండు జతలు తిరగబోయండి. రెండింటినీ వంటింటి థర్మామీటరుతో చూసి, దాదాపు ఒకే వేడి దగ్గర తాగండి. వేడి తేడా ఇప్పుడు లేదు, పాలు, చక్కెర, డికాషన్ అన్నీ ఒకటే. నా నాలుకకు చెంచా కాఫీ కూడా బాగానే ఉంటుంది, కానీ దానిలో మొదటి గుటకలోనే చేదు నేరుగా తగులుతుంది. తిరగబోసినదానిలో ముందు పాల కమ్మదనం వచ్చి చేదు గొంతు దగ్గర కనబడుతుంది. అయితే సగం దాటాక, నురగ అణిగాక, రెండింటి మధ్య తేడా పట్టుకోవడం నాకు కష్టమే. నురగ ఇచ్చే మెత్తదనం మొదటి నాలుగైదు గుటకలది.

తిరగబోత చేయలేని పనులు కూడా ఉన్నాయి. మాడిన గింజల చేదును అది తీయలేదు. రెండోసారి నీళ్లు పోసి పిండిన డికాషన్ వగరును తీయలేదు. రాత్రంతా బయట ఉంచిన డికాషన్ పులిస్తే అంతే. పైగా అటువంటి డికాషన్‌లో నిల్వ పాలు వేడిగా పోస్తే విరిగి, సన్న పలుకులు తేలుతాయి. అప్పుడు తిరగబోసి దాచాలని చూడవద్దు, పారబోసి మళ్లీ చేయండి. డికాషన్ మిగిలితే మూత గట్టిగా ఉన్న సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు ఉదయానికల్లా వాడేయాలి.

తమిళనాడు, కర్ణాటక హోటళ్లలోనూ, మన నెల్లూరు, చిత్తూరు వైపు హోటళ్లలోనూ తల ఎత్తు నుంచి కాఫీ సాగదీసే మాస్టర్లను చూసి అంత ఎత్తు ఉంటేనే రుచి అనుకోవద్దు. వారి పాలు పెద్ద గిన్నెలో గంటల తరబడి మరుగుతూ ఉంటాయి, గిరాకీ వరసగా నిలబడి ఉంటుంది. ఆ వేడిని ఒక్క పోతలో దించడానికి వారికి ఆ ఎత్తు కావాలి. ఇంట్లో ఒక్క పొంగు మీద దించిన పాలకు మూరెడు దాటి అవసరం లేదు. ధార మరీ సన్నబడితే గాలి ఎక్కువ తగిలి వేడి, వాసన రెండూ పోతాయి.

కాఫీ మీద నురగ ఉండగానే గ్లాసును డబరాలో కూర్చోబెట్టి ఇవ్వండి. సగం తాగేసరికి నురగ అణిగి, తాగేవారికి కాఫీ ఇంకా వేడిగానే అనిపిస్తే, మిగిలినదాన్ని డబరాలో పోసి తక్కువ ఎత్తు నుంచి ఒక్కసారి గ్లాసులోకి తిప్పుకోమనండి. మళ్లీ ఒక సన్నని పొర నురగ లేస్తుంది. అప్పటికే చల్లారి ఉంటే తిరిగి వేడి చేయకుండా అలాగే తాగేయడం మంచిది, వేడి చేసిన పాల కాఫీకి తరక మళ్లీ కడుతుంది.